చైనా నుంచి మొదటి సరుకు: డబ్బు పంపకముందే చూసుకోవాల్సిన కాగితాలు

చెన్నై పోర్టు దగ్గర కస్టమ్స్ కాగితాల పని చేస్తూ చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆంధ్ర, తెలంగాణల నుంచి మొదటిసారి సరుకు తెప్పించుకునే చిన్న వ్యాపారులు ఎక్కువగా ఓడ వచ్చేశాకే మా దగ్గరికి వస్తారు. అప్పటికి ఇన్‌వాయిస్ రాసేసి ఉంటుంది, డబ్బు వెళ్లిపోయి ఉంటుంది. ఇక మేం చేయగలిగింది తక్కువ. అందుకే ఈ పనిని మొదటి నుంచి, వరసగా చెబుతున్నాను.

ఒక కేసు పట్టుకుని వెళ్దాం. విజయవాడలో బట్టల షాపులకు ర్యాకులు, హ్యాంగర్లు అమ్మే వ్యాపారి ఒకాయన చీరలు కట్టి నిలబెట్టే బొమ్మలు చైనా నుంచి 100 తెప్పించాడు. ఫైబర్‌తో చేసినవి, ఒక్కోటి 40 డాలర్లు. వాట్సాప్‌లో తాను "డాల్స్" అని అడిగాడు, అవతలివాళ్లు అదే పదం ఇన్‌వాయిస్‌లో ఎక్కించారు: `PLASTIC DOLLS 100 PCS`. ప్యాకింగ్ లిస్టు, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు బీఎల్ అన్నీ దాన్ని చూసే తయారయ్యాయి. మన భాషలో రెండూ బొమ్మలే, కానీ కస్టమ్స్‌లో షాపు బొమ్మ వేరు, ఆట బొమ్మ వేరు. ఆట బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ ధ్రువీకరణ తప్పనిసరి. విదేశీ ఫ్యాక్టరీయే భారతీయ ప్రమాణాల లైసెన్సు తీసుకుని ఐఎస్‌ఐ మార్కు వేయాలి. పైగా 2023 బడ్జెట్‌లో వాటి మీద కస్టమ్స్ సుంకాన్ని 70 శాతానికి పెంచారు.

పెట్టెలు తెరిపించి, నిలువెత్తు బొమ్మలను ఫొటోలు తీయించి, ఫ్యాక్టరీ కేటలాగు పెట్టి, ఇవి ఆటబొమ్మలు కావని చెప్పి బయటికి తెచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల గోడౌన్ అద్దె వ్యాపారి లాభంలోంచే పోయింది.

సరుకు పేరు, హెచ్‌ఎస్ కోడ్ ముందు తేల్చుకోండి

ప్రతి సరుకుకూ ఎనిమిది అంకెల హెచ్‌ఎస్ కోడ్ ఉంటుంది. సుంకం ఎంత, దిగుమతి స్వేచ్ఛగా చేసుకోవచ్చా, బీఐఎస్ లాంటి అనుమతి కావాలా అన్నవన్నీ ఆ కోడ్ మీదే ఆధారపడతాయి. షాపు బొమ్మలు 9618లోకి వస్తాయి, ఆట బొమ్మలు 9503లోకి. అవతలి సప్లయర్ ఇచ్చిన కోడ్‌ను గుడ్డిగా తీసుకోకండి. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాల్లో ఒకటే అయినా తర్వాతివి దేశాన్ని బట్టి మారతాయి. పైగా చాలామంది సప్లయర్లు తమ దేశంలో తమకు అనుకూలమైన కోడ్ వేసుకుంటారు.

ఐస్‌గేట్ సైటు `icegate.gov.in`లో కోడ్ కొట్టి సుంకం రేటు చూసుకోవచ్చు. దిగుమతి స్వేచ్ఛగా ఉందా, పరిమితులు ఉన్నాయా, పూర్తిగా నిషేధమా అన్నది విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర శాఖ డీజీఎఫ్‌టీ ఇచ్చే పాలసీ పట్టికలో కోడ్ పక్కనే ఉంటుంది. ఆ రెండు పేజీలూ చూశాక, సరుకు ఫొటోతో, అది దేనితో చేశారో, దేనికి వాడతారో రెండు వాక్యాలు రాసి కస్టమ్స్ బ్రోకర్‌కు పంపి అభిప్రాయం అడగండి. మన వాళ్లు ఇంకా సీహెచ్‌ఏ అనే అంటారు. ఆర్డరు పెట్టకముందు అడిగితే ఇది పది నిమిషాల పని.

తర్వాత సప్లయర్‌కు మీరే వర్ణన రాసి పంపండి, ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లో అక్షరం మారకుండా అదే రావాలని చెప్పండి. మన కేసులో ఇలా ఉండాల్సింది:

`FIBREGLASS MANNEQUINS FOR GARMENT SHOP DISPLAY`

సరుకు దేనితో చేసింది, ఏంటది, దేనికి వాడతారు అన్న మూడూ ఆ ఒక్క లైనులో ఉన్నాయి. ఆఫీసరుకు ప్రశ్న అడిగే అవసరం తగ్గుతుంది.

షాపులో ప్యాకెట్ ప్యాకెట్‌గా జనానికి అమ్మే సరుకైతే ఇంకో సంగతి ఉంది. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, తయారైన దేశం ప్యాకెట్ మీద ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. ఆ లేబుల్ కస్టమ్స్ నుంచి బయటికి రాకముందే ఉండాలి. ఫ్యాక్టరీలోనే అంటించమని ఆర్డరులో రాసేయండి. గోడౌన్‌లో వేల ప్యాకెట్లకు కూలీలతో అంటించాల్సి వస్తే అయ్యే ఖర్చు చూసి చాలామంది తలపట్టుకున్నారు.

ఐఈసీ, జీఎస్‌టీ, ఏడీ కోడ్

వ్యాపారం కోసం సరుకు దిగుమతి చేయాలంటే ఐఈసీ, అంటే దిగుమతి ఎగుమతి కోడ్, ఉండాలి. `dgft.gov.in`లో మీరే తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. పాన్, చిరునామా రుజువు, క్యాన్సిల్ చేసిన చెక్కు సిద్ధంగా పెట్టుకుని ఆధార్ ఓటీపీతో సంతకం చేస్తే చాలు. నంబరు కొత్తగా ఏమీ ఉండదు, మీ పాన్ నంబరే ఐఈసీ నంబరు. దీనికి వేల రూపాయలు అడిగే ఏజెంట్లు ఉన్నారు, అవసరం లేదు.

చాలామంది మరిచిపోయేది దీని తర్వాత ఉంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు సైటులో లాగిన్ అయి వివరాలు నిర్ధారించాలి. ఏమీ మారకపోయినా సరే. చేయకపోతే ఐఈసీ డీయాక్టివేట్ అవుతుంది. ఆ సంగతి ఓడ వచ్చిన రోజు కస్టమ్స్ సిస్టమ్ బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి ప్రకటనను తీసుకోనప్పుడు తెలిస్తే ఎంత టెన్షనో చెప్పలేను.

జీఎస్‌టీ రెగ్యులర్ పద్ధతిలో ఉండటం మంచిది. పోర్టులో దిగుమతి మీద కట్టే జీఎస్‌టీ, అంటే ఐజీఎస్‌టీ, మీకు క్రెడిట్‌గా తిరిగి రావాలంటే అదే దారి. కాంపోజిషన్‌లో ఉన్న వ్యాపారికి ఆ క్రెడిట్ రాదు, కట్టిన పన్నంతా సరుకు ధరలో కలిసిపోతుంది. ఈ ఒక్క కారణంతో లెక్క తారుమారైన చిన్న వ్యాపారులను చూశాను.

మూడోది ఏడీ కోడ్. మీ కరెంట్ ఖాతా ఉన్న బ్యాంకులో విదేశీ మారక వ్యవహారాలు చూసే శాఖకు ఉండే కోడ్ ఇది. బ్యాంకును లెటరు అడిగి తీసుకుని బ్రోకర్‌కు ఇవ్వండి. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఈ కోడ్ పడితేనే మీ దిగుమతి వివరం నేరుగా మీ బ్యాంకుకు చేరుతుంది. ఎందుకు చేరాలో డబ్బు సంగతి దగ్గర చెబుతాను.

సుంకం లెక్క ఆర్డరుకు ముందే వేసుకోండి

సుంకం మీరు ఫ్యాక్టరీకి ఇచ్చే ధర మీద పడదు. సరుకు ధర, ఓడ కిరాయి, బీమా మూడూ కలిపిన విలువ మీద పడుతుంది. డాలరు రేటు కూడా బ్యాంకుది కాదు, కస్టమ్స్ ప్రకటించేది.

మన 100 బొమ్మలకు వేద్దాం. ఫ్యాక్టరీ ధర 4,000 డాలర్లు, కిరాయి 480, బీమా 20. మొత్తం 4,500 డాలర్లు. లెక్క సులువుగా ఉండటానికి డాలరు 90 రూపాయలు అనుకుంటే 4,05,000 రూపాయలు. బేసిక్ సుంకం 10 శాతం, ఐజీఎస్‌టీ 18 శాతం అనుకుందాం. మీ కోడ్‌కు ఆ రోజు ఉన్న రేట్లు చూసి మార్చుకోండి.

బేసిక్ సుంకం 40,500. దాని మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్ 10 శాతం, అంటే 4,050. ఇక్కడ చాలామంది సర్‌చార్జ్ కూడా సరుకు విలువ మీదే అనుకుంటారు, కాదు, అది సుంకం మీద. ఇప్పటికి మొత్తం 4,49,550 అయింది. దీని మీద 18 శాతం ఐజీఎస్‌టీ 80,919. మూడూ కలిపి కస్టమ్స్‌కు కట్టేది 1,25,469 రూపాయలు. ఇందులో 80,919 తర్వాత క్రెడిట్‌గా వస్తుంది, కానీ ఇవాళ మాత్రం మొత్తం చేతిలో ఉండాలి. మీకు నిజంగా పడే ఖర్చు 44,550.

కిరాయి రసీదు లేకపోతే ఏమవుతుందో చూడండి. కిరాయి ఎంతో తేల్చలేనప్పుడు ఫ్యాక్టరీ ధరలో 20 శాతం కిరాయిగా, బీమా తెలియకపోతే 1.125 శాతం బీమాగా వేయాలని విలువ కట్టే నిబంధనలు చెబుతాయి. అప్పుడు కిరాయి 480కి బదులు 800, బీమా 20కి బదులు 45. విలువ 345 డాలర్లు పెరిగి, సుంకం, పన్ను కలిపి దాదాపు 9,600 రూపాయలు ఎక్కువ కట్టాలి. ఒక్క కాగితం లేనందుకు. కాబట్టి కిరాయి బిల్లు, బీమా పాలసీ రెండూ బ్రోకర్ చేతిలో పెట్టండి.

"కిరాయి మేమే చూసుకుంటాం, మీకు ఉచితం" అని సప్లయర్ అంటే జాగ్రత్త. కంటైనర్‌లో నలుగురి సరుకుతో కలిపి వచ్చే చిన్న లోడ్లకు అక్కడ కిరాయి సున్నా చూపి, ఇక్కడ దిగాక సరుకు విడుదలకు కావాల్సిన డెలివరీ ఆర్డరు ఇచ్చే ఏజెంటు రకరకాల చార్జీల పేరుతో దానికి రెట్టింపు లాగడం మామూలే. ఆ బిల్లు కట్టకపోతే డెలివరీ ఆర్డరు ఇవ్వరు, బేరం ఆడటానికి మీ దగ్గర ఏమీ ఉండదు. సరుకు ఓడెక్కే దాకానే ఖర్చు సప్లయర్‌ది అయ్యే ఎఫ్‌ఓబీ పద్ధతిలో కొని, రవాణా చూసే ఫార్వర్డర్‌ను ఇక్కడే మీరు పెట్టుకుని, చెన్నైలో పడే చార్జీలన్నీ రాతపూర్వకంగా ముందే తీసుకోండి.

డబ్బు పంపడం

సరుకు డబ్బు మీ సంస్థ కరెంట్ ఖాతా నుంచి, బ్యాంకు ద్వారానే వెళ్లాలి. ప్రొఫార్మా ఇన్‌వాయిస్, ఐఈసీ, బ్యాంకు ఇచ్చే ఫారం, హెచ్‌ఎస్ కోడ్ ఇస్తే బ్యాంకు టీటీ, అంటే విదేశీ ఖాతాకు నేరుగా బదిలీ, చేస్తుంది. చైనా సప్లయర్లు సాధారణంగా 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం సరుకు ఓడెక్కాక అడుగుతారు. మన కేసులో 1,200, తర్వాత 2,800. అడ్వాన్సు పంపడం తప్పేమీ కాదు, రిజర్వ్ బ్యాంకు అనుమతించిందే. చిన్న వ్యాపారికి గ్యారంటీ పత్రాల అవసరం కూడా రాదు, ఆ షరతు 2 లక్షల డాలర్లు దాటిన అడ్వాన్సులకు. కానీ డబ్బు పంపిన తేదీ నుంచి ఆరు నెలల లోపు సరుకు దేశంలోకి రావాలి. సరుకు ముందు వచ్చి డబ్బు తర్వాత ఇచ్చే ఒప్పందమైతే ఓడెక్కిన తేదీ నుంచి ఆరు నెలల లోపు చెల్లించాలి. ఆలస్యమయ్యేలా ఉంటే గడువు దాటకముందే బ్యాంకుకు రాసి పొడిగింపు అడగండి.

ఇప్పుడు ఏడీ కోడ్ పని తెలుస్తుంది. 2016 నుంచి ఐడీపీఎంఎస్ అనే వ్యవస్థ ఉంది. కస్టమ్స్ దగ్గర మీ బిల్ ఆఫ్ ఎంట్రీ, బ్యాంకు దగ్గర మీరు పంపిన డబ్బు, రెండూ అందులో కనిపిస్తాయి. బ్యాంకు రెండింటినీ జత చేసి లెక్క మూయాలి. జత కాని అడ్వాన్సు మీ పేరున తెరిచి ఉంటే తర్వాతి టీటీకి బ్యాంకు ఆపి ప్రశ్నలు వేస్తుంది. సరుకు వచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ, ఇన్‌వాయిస్ బ్యాంకుకు ఇచ్చి, రెండు టీటీలూ మూశారా అని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి. ఈ పని ఎవరూ గుర్తు చేయరు.

సప్లయర్ చాలాసార్లు మర్యాదగా అడుగుతాడు: "ఇన్‌వాయిస్‌లో ఎంత వేయమంటారు?" 4,000కు బదులు 1,500 వేయించుకుని, మిగతా 2,500 హవాలాలో పంపేవాళ్లు ఉన్నారు. ఇది ఒక తప్పు కాదు, రెండు. కస్టమ్స్ చట్టంలో తప్పుడు విలువ చెప్పినందుకు సరుకు జప్తు కావచ్చు, తెలిసి అబద్ధపు పత్రం పెట్టినందుకు సరుకు విలువకు ఐదు రెట్ల దాకా జరిమానా పడవచ్చు. బ్యాంకు బయట పంపిన డబ్బుకు విదేశీ మారక చట్టం ఫెమా కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా ఉంటుంది. అదే సరుకు ఇతరులు ఏ ధరకు తెచ్చారో కస్టమ్స్ దగ్గర డేటా ఉంటుంది, కాబట్టి తక్కువ ధర వెంటనే కంటపడుతుంది. మిగిలేది సుంకంలో ఏడెనిమిది వందల డాలర్లు. దానికోసం వ్యాపారాన్నే పణంగా పెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఇంకొకటి, డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తోందో చూడండి. ఇన్‌వాయిస్ ఒక కంపెనీ పేరున, ఖాతా ఇంకెవరిదో మనిషి పేరున ఉంటే బ్యాంకు సాధారణంగా ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మీకు మంచిది. రెండో విడత ముందు "మా బ్యాంకు మారింది, ఈ కొత్త ఖాతాకు పంపండి" అని మెయిల్ వస్తే ఆగండి. అది సప్లయర్ మెయిల్‌లోకి దొంగలు చొరబడి పంపింది కావచ్చు. ముందు మాట్లాడిన ఫోను నంబరుకే చేసి, ఆ మనిషి గొంతు విని నిర్ధారించుకున్నాకే పంపండి.

బిల్ ఆఫ్ ఎంట్రీ, పోర్టులో పని

ఓడ బయల్దేరగానే సప్లయర్ దగ్గర బీఎల్, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టుల స్కాన్ కాపీలు తీసుకోండి. మూడింటినీ ఒకే టేబుల్ మీద పెట్టి వేలు పెట్టి చదవండి. మీ సంస్థ పేరు ఐఈసీలో ఉన్నట్టే ఉందా, పెట్టెల సంఖ్య, బరువు, వర్ణన మూడింటిలోనూ ఒకటేనా. బీఎల్ డ్రాఫ్టు దశలో ఒక్క మెయిల్‌తో మారిపోయే తప్పు, ఓడ లంగరు వేశాక సవరణ దరఖాస్తు, ఫీజు, రోజులు అడుగుతుంది.

కస్టమ్స్ ప్రకటన అంటే ఈ బిల్ ఆఫ్ ఎంట్రీయే. మీ తరఫున బ్రోకర్ ఆన్‌లైన్‌లో వేస్తాడు, కానీ చట్టం దృష్టిలో ప్రకటన మీది. కోడ్, విలువ, సుంకం మీరే లెక్కకట్టి చెప్పే సెల్ఫ్ అసెస్‌మెంట్ పద్ధతి 2011 నుంచి ఉంది. అందుకని వేయకముందు చెక్‌లిస్టు అనే కాపీ తెప్పించుకుని వర్ణన, కోడ్, విలువ, జీఎస్‌టీ నంబరు, ఏడీ కోడ్ ఈ ఐదూ చదివాకే సరే అనండి. జీఎస్‌టీ నంబరు తప్పు పడితే ఐజీఎస్‌టీ క్రెడిట్ మీ ఖాతాలో కనిపించదు.

మామూలుగా ఓడ రావడానికి ముందు రోజు లోపు ఇది వేయాలి, 30 రోజుల ముందు నుంచీ వేయవచ్చు. ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయలు చార్జీ. మన కేసులో ఐదు రోజులు ఆలస్యమైతే 35,000, అంటే వెనక్కి రాని సుంకం 44,550కి దగ్గర దగ్గరగా. ఒరిజినల్ కాగితాలు రాలేదని ఆగకండి, స్కాన్ కాపీలతో వేయవచ్చు.

వేసిన తర్వాత సిస్టమ్ రిస్కు చూసి కొన్నింటిని నేరుగా వదిలేస్తుంది, కొన్నింటిని ఆఫీసరు అసెస్‌మెంట్‌కు, కొన్నింటిని పెట్టెలు తెరిచి చూడటానికి పంపుతుంది. 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చింది, చెన్నై సరుకు కాగితాలు వేరే ఊరి ఆఫీసరు చూడవచ్చు. కాబట్టి ఎవరినో కలిసి మాట్లాడే దారి లేదు, ప్రశ్నకు రాతలోనే జవాబు ఇవ్వాలి. కొత్త ఐఈసీ మీద మొదటి సరుకుకు ప్రశ్న రావడం మామూలే. కేటలాగు, ఫొటోలు, టీటీ స్లిప్పులు, సప్లయర్‌తో ఒప్పందం ముందే ఒక ఫోల్డర్‌లో ఉంటే అదే రోజు జవాబు పెట్టవచ్చు. విలువ మీద ప్రశ్న వస్తే బ్యాంకు టీటీ స్లిప్పును మించిన రుజువు లేదు.

అసెస్‌మెంట్ పూర్తయ్యాక సుంకం వెంటనే కట్టేయండి. సెల్ఫ్ అసెస్‌మెంట్ అయితే అదే రోజు, ఆఫీసరు చూసి తిరిగి పంపితే మరుసటి పనిరోజు లోపు. దాటితే ఏడాదికి 15 శాతం లెక్కన వడ్డీ. వడ్డీ చిన్నదే, కానీ ఆలస్యమైన ప్రతిరోజూ పోర్టు సరుకు ఉంచే సీఎఫ్‌ఎస్ గోడౌన్ అద్దె నడుస్తూ ఉంటుంది, అది పెద్దది. సుంకం కట్టి, పరీక్ష అయ్యాక ఆఫీసరు సరుకు వదిలే ఉత్తర్వు ఔట్ ఆఫ్ చార్జ్ ఇస్తారు. దాన్ని, డెలివరీ ఆర్డరును చూపి సరుకు తీసుకోవచ్చు. విజయవాడకు లారీ ఎక్కించేముందు బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరుతో ఈ-వే బిల్లు తీయించండి, దారిలో అడుగుతారు. 30 రోజుల్లో విడిపించకపోతే నోటీసు ఇచ్చి వేలం వేసే అధికారం చట్టంలో ఉంది.

తర్వాతి నెల జీఎస్‌టీఆర్-2బీలో దిగుమతుల భాగం తెరిచి 80,919 కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే పోర్టల్‌లోనే బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు ఇచ్చి వెతికే వీలుంది. దాంతోపాటు బ్యాంకులో ఆ రెండు టీటీలు మూశారో లేదో కనుక్కోండి. ఆ విజయవాడ వ్యాపారి రెండోసారి 150 బొమ్మలు తెప్పించినప్పుడు వర్ణన లైను తానే రాసి మాకు పంపాడు, సరుకు దిగిన నాలుగో రోజు లారీ ఎక్కింది.